నలుగురు తినేచోట, ఒకడు పడుకునేచోట, ఒక నడుము కోసం

మా ఫ్లాటులో ఎంత జాగా ఖాళీగా ఉందో చూడ్డానికి మేము మొదట టేపు తీయలేదు. కరీంనగర్ అన్నను హాల్లో నేల మీద వెల్లకిలా పడుకోబెట్టాం. చేతులు రెండువైపులా చాపమన్నాం, మోకాళ్ళు పైకి లేపమన్నాం, తర్వాత పక్కకు దొర్లమన్నాం. ఎక్కడెక్కడ చెయ్యి సోఫాకు, కాలు టీవీ బల్లకు తగిలిందో అక్కడక్కడ రంగులేసేవాళ్ళు వాడే నీలం టేపు ముక్కలు అంటించాం. ఆయన లేచాక అప్పుడు కొలిస్తే ఏడడుగుల పొడుగు, నాలుగడుగుల వెడల్పు వచ్చింది. మాకు కావల్సిన జిమ్ము అంతే.

ముందు మా సంగతి చెప్పాలి. మేము ముగ్గురం, బర్నబీలో ఎడ్మండ్స్ స్టేషనుకు నడిచేంత దూరంలో ఒక పాత మూడంతస్తుల చెక్క బిల్డింగులో ఉంటాం. ఒకటే బెడ్రూము. అన్న వేర్‌హౌసులో పెట్టెలెత్తే పని, మాలో ఒకడు వంటింటి పని, భీమవరం తమ్ముడు రాత్రిపూట ఆఫీసులు తుడిచే పని. ఇద్దరం బెడ్రూములో, తమ్ముడు హాల్లో మడతపెట్టే పరుపు మీద. వాడు పొద్దున ఆరింటికి వచ్చి మధ్యాహ్నం దాకా పడుకుంటాడు. రాత్రి ఏడున్నరకు అదే జాగాలో పేపరు పరుచుకుని అందరం అన్నం తింటాం, పక్క ఫ్లాటు మిత్రుడు కూడా వస్తే నలుగురం.

కిందటి ఏడు అక్టోబరులో అన్నకు నడుము పట్టేసింది. ఫిజియో దగ్గరికి పోతే రోజుకు ఇరవై నిమిషాలు చేయమని నాలుగు వ్యాయామాలు నేర్పింది. మూడు నేల మీద పడుకుని, మోకాళ్ళ మీద ఉండి చేసేవి. నాలుగోది రబ్బరు బ్యాండు ముందు నుంచి పొట్టవైపు లాగేది. అన్న రెండు వారాలు చేయలేదు. అడిగితే "యాడ జెయ్యాలె రా? తమ్ముడు పండుకున్నడు, మీరు తింటున్నరు, నేనేమన్న గోడ మీద జెయ్యాల్నా?" అన్నాడు. బాన్సర్ కమ్యూనిటీ సెంటరులో మంచి జిమ్ము ఉంది, కానీ పదిగంటల షిఫ్టు చేసి, వానలో బస్సు మారి, ఇరవై నిమిషాల పనికి అంతదూరం ఎవడు పోతాడు? పోలేదు. పోకపోతే నడుము బాగవదు, నడుము బాగవకపోతే పెట్టెలెత్తలేడు. అందుకే ఈ మూల కట్టాల్సి వచ్చింది. సరదాకు కాదు.

మొదటి తప్పు నేల దగ్గరే చేశాం.

జిగ్సా ముక్కల్లాగా ఒకదానికొకటి అతుక్కునే ఫోమ్ మ్యాట్లు కొన్నాం, రెండడుగుల చదరాలు. ఎనిమిది పరిస్తే ఎనిమిదడుగులు, నాలుగడుగులు వస్తుంది, మాకు సరిపోయింది. వెల్లకిలా పడుకుంటే నడుముకు హాయిగా ఉంది. కానీ చేతులు, మోకాళ్ళ మీద ఉండి ఒక చెయ్యి, ఎదురు కాలు చాపే వ్యాయామంలో అరచెయ్యి ఫోములో దిగిపోయి అన్న ఊగిపోయేవాడు. మెత్తదనం ఎక్కువైతే పడుకోవడానికి మంచిది, బ్యాలన్సు చేసేవాటికి చెడ్డది. దానికి మందు తేలికే. ఫోము మీద ఒక పలచటి, గట్టి యోగా మ్యాటు వేశాం. ఊగడం తగ్గింది, ముక్కల మధ్య అతుకులు విడిపోవడం కూడా తగ్గింది.

రబ్బరు మ్యాటు ఎందుకు కొనలేదని మీరు అడగొచ్చు. మా తలుపు దగ్గర రబ్బరు అడుగున్న పట్టా ఒకటి ఏడాదిగా ఉంది. తీసి చూస్తే కింద వైనిల్ ఫ్లోరింగు మీద పసుపుపచ్చ మరక. సబ్బు పెట్టినా, వెనిగరు పెట్టినా పోలేదు. అది మురికి కాదు, రబ్బరులో ఉండే రసాయనం వైనిల్లోకి దిగి రంగు మార్చేస్తుంది, ఇక తుడిస్తే పోదు. మీ నేల వైనిల్ అయితే రబ్బరును నేరుగా దాని మీద నెలల తరబడి వదలకండి. ఇల్లు ఖాళీ చేసేరోజు ఆ మరక మీ లెక్కలోకే వస్తుంది.

ఇక చప్పుడు సంగతి. అన్న మొదట్లో పొద్దున్నే అయిదుంపావుకు, తమ్ముడు రాకముందు చేసేవాడు. నాలుగో రోజు కింద నుంచి చీపురుకర్రతో ఠక్ ఠక్‌మని కొట్టారు. మేము ఆశ్చర్యపోయాం. మ్యాటు వేశాం కదా, ఇంకేం చప్పుడు?

సాయంత్రం కిందికి పోయి తలుపు కొట్టాం. ఒక పెద్దావిడ, ఒక్కతే ఉంటుంది. తిడుతుందనుకున్నాం. లోపలికి రమ్మని, "మీరే విని చూడండి" అంది. అది మాకు దొరికిన మంచి సలహా. మాలో ఒకడు ఆవిడ సోఫాలో కూర్చున్నాడు, పైన అన్న ఒక్కొక్కటే చేశాడు, ఫోనులో "ఇప్పుడు ఇది, ఇప్పుడు అది" అని చెప్తూ.

పడుకుని చేసేవి ఒక్కటీ వినపడలేదు. మోకాళ్ళ మీదవీ వినపడలేదు. బస్కీలు తీస్తే సన్నగా కిర్రుమంది, అంతే. కానీ అయిదు కిలోల డంబెల్ ఫోము మీద "మెల్లగా" పెట్టినా కింద ధబ్‌మంది. ఉన్నచోటే ఒక్క ఎగురు ఎగిరితే పైకప్పు దీపం అదిరింది. అన్నిటికంటే ఎక్కువ వినపడింది ఏంటో తెలుసా? అన్న వ్యాయామం అయ్యాక మడమల మీద వంటింట్లోకి నడిచిన నడక, ఆ తర్వాత ఎనిమిది ఫోము ముక్కలు దొంతర పెట్టి మూలకు పడేసిన చప్పుడు.

కారణం తర్వాత అర్థమైంది. మన ఊళ్ళో శ్లాబు ఇల్లు, ఇక్కడ పాత బిల్డింగులో నేల అంటే చెక్క దూలాలు, వాటి మీద పలక, మధ్యలో ఖాళీ. డప్పులాంటిది. పలచటి మ్యాటు టకటకలను మింగుతుంది, బరువు పడ్డ అదురును మింగలేదు. దానికి ఎంత మందం వేసినా ఫ్లాటులో లాభం తక్కువ. కాబట్టి మేము మ్యాటు మార్చలేదు, చేసేది మార్చాం. ఎగిరేవి లేవు. డంబెల్స్ తీసేసి బ్యాండ్లకు వచ్చాం. టైము సాయంత్రం ఆరింటికి మార్చాం, అప్పటికి తమ్ముడు లేచి ఉంటాడు, ఆవిడ కూడా టీవీ చూస్తుంటుంది. ఆ తర్వాత చీపురుకర్ర చప్పుడు లేదు. మీరు కూడా మ్యాటుకు డబ్బు పెట్టేముందు ఒక్కసారి కిందింటికి పోయి వినండి.

రెండో తప్పు గోడ దగ్గర. ఇది ఖరీదైన తప్పు.

బ్యాండు లాగే వ్యాయామానికి ముందు ఏదో ఒకటి పట్టుకుని ఉండాలి కదా. మేము గోడకు ప్లాస్టిక్ ప్లగ్గు కొట్టి ఒక హుక్కు బిగించాం. మొదటి రెండు రోజులు దానికి మ్యాటు తగిలించాం, బ్యాండ్లు తగిలించాం, కదల్లేదు. "ఇంకేంది, గట్టిగనే ఉన్నది" అని మూడో రోజు అన్న బ్యాండును హుక్కుకు వేసి లాగాడు. ఎనిమిదో లాగుకు హుక్కు, ప్లగ్గు, దాంతోపాటు పదిరూపాయల బిళ్ళంత గోడ ముక్క వచ్చి ఆయన మోచేతికి తగిలింది. అదృష్టం, కంటికి కాదు.

ఇక్కడి గోడ అంటే ఇటుక కాదు. నిలువుగా చెక్క స్తంభాలు, వాటిని స్టడ్లు అంటారు, ఒకదాని నడిమి నుంచి ఇంకోదాని నడిమికి మామూలుగా పదహారు అంగుళాలు. వాటి మీద అర అంగుళం మందం జిప్సం పలక, రెండు కాగితాల మధ్య సుద్ద అనుకోండి. తగిలించిన బరువు గోడ వెంబడి కిందికి జారుతుంది, దాన్ని ప్లగ్గు కొంత ఓర్చుకుంటుంది. లాగే బలం గోడ నుంచి నేరుగా బయటికి వస్తుంది, అదీ ఆగకుండా, మళ్ళీ మళ్ళీ. దాన్ని సుద్ద ఓర్చుకోదు. పైగా ప్లగ్గు చెప్పి ఊడదు. ముందు హుక్కు చుట్టూ రంగు సన్నగా చిట్లుతుంది, వేలితో కదిపితే వెంట్రుకంత ఆడుతుంది. మేము ఆ గీతను చూశాం, పట్టించుకోలేదు.

మేనేజరుకు చెప్పాలా వద్దా అని ఒక పూటంతా వాదులాడుకున్నాం. డిపాజిట్ పోతుందని భయం. ఇక్కడ బీసీలో డిపాజిట్ సగం నెల అద్దెకు మించి తీసుకోకూడదు. మనం ఖాళీ చేసి, కొత్త అడ్రసు రాతపూర్వకంగా ఇచ్చాక, ఓనరు పదిహేను రోజుల్లో తిరిగివ్వాలి, లేదా కోయాలంటే టెనన్సీ బ్రాంచికి దరఖాస్తు పెట్టుకోవాలి, లేదా మన సంతకం ఉండాలి. కానీ అదే బ్రాంచి మార్గదర్శకాల్లో మేకుల బొక్కలు మితిమీరినా, పెద్ద మేకులు, స్క్రూలు, టేపు వల్ల గోడ పాడైనా అద్దెకున్నవాడే బాగుచేయించాల్సి రావొచ్చని ఉంది. అంటే దాస్తే మన మెడకే. చివరికి ఫోటో తీసి ఈమెయిల్ పెట్టాం.

మర్నాడు మెయింటెనెన్సు పెద్దాయన వచ్చాడు. బొక్క చూసి కోప్పడలేదు, కింద పడ్డ తెల్లటి పొడి చూసి మొహం మార్చాడు. "ఊడ్చారా?" అని అడిగాడు. మేము అప్పటికే చీపురుతో ఊడ్చేశాం. ఆయన చెప్పింది మేము ఎన్నడూ వినలేదు. 1990కి ముందు కట్టిన ఇళ్ళల్లో జిప్సం పలకల అతుకులకు పూసే మడ్డిలో ఆస్బెస్టాస్ ఉండొచ్చు. గోడ ముట్టుకోకుండా ఉన్నంతసేపు ఏమీ కాదు. డ్రిల్లు వేసినా, పగిలినా, గీకినా దుమ్ము లేస్తుంది. ఆ దుమ్ము ఊపిరితిత్తుల్లోకి పోతే పోయినట్టే ఉండిపోతుంది. పొడిగా ఊడ్చడం, మామూలు వాక్యూము పెట్టడం రెండూ దాన్ని ఇంకా గాల్లోకి లేపుతాయి. మా బిల్డింగు 1970ల నాటిది. పరీక్ష చేయించని గోడకు పాత బిల్డింగులో ఎవ్వరూ సొంతంగా డ్రిల్లు పెట్టకూడదని గట్టిగా చెప్పాడు.

మా అదృష్టం కొద్దీ ఆ బిల్డింగుకు పరీక్ష కాగితాలు ఉన్నాయి. ఆ గోడలో ఆస్బెస్టాస్ లేదని తేలేదాకా రెండు రోజులు మేము ఆ మూలకు పోలేదు. బొక్క పూడ్చిన ఖర్చు మేమే ఇచ్చుకున్నాం. బాత్రూము వైపు గోడ మాత్రం పైపు లీకయినప్పుడు ఈమధ్యే మొత్తం కొత్తగా వేశారట. "కావాలంటే ఆ గోడకు, నేనే బిగిస్తాను, హుక్కులు ఒక్కొక్కటిగా కాదు, పలక మీద" అన్నాడు. పక్క ఫ్లాటుకూ మనకూ మధ్య ఉండే గోడను ముట్టుకోనన్నాడు, దాంట్లో మంటా చప్పుడూ ఆపే పొరలు ఉంటాయట. పైపులున్న చోటును కూడా తానే చూపించి దాన్ని వదిలేశాడు.

ఆయన పని చూస్తూ నేర్చుకున్నాం. ఫ్రిజ్ మీద బొమ్మ అయస్కాంతం తీసుకుని గోడ మీద మెల్లగా జరిపాడు. పలకను బిగించిన స్క్రూ తల దగ్గర అది అతుక్కుంది. పెన్సిలు గుర్తు. దాని కిందా పైనా వెతికితే నిలువు వరసలో ఇంకో రెండు దొరికాయి. అంటే అక్కడ స్టడ్డు ఉంది. పక్కకు పదహారు అంగుళాలు కొలిచి మళ్ళీ అయస్కాంతం పెడితే రెండో స్టడ్డు. స్విచ్చుకు, ప్లగ్గు పాయింటుకు నేరుగా పైనా కిందా ఎక్కడా బిగించకూడదు, అటే వైర్లు పోతాయి.

తర్వాత ముప్పావు అంగుళం మందమున్న రెండడుగుల పైన్ చెక్క పలకను ఆ రెండు స్టడ్లకు అడ్డంగా పెట్టి నాలుగు స్క్రూలు వేశాడు. రెండున్నర అంగుళాల స్క్రూలు. ఇంకా పొడుగువి ఎందుకు వద్దంటే, ముప్పావు పలకకు, అర గోడకు పోతే స్టడ్డులోకి అంగుళంపావు దిగుతుంది, అది చాలు. వైర్లను స్టడ్డు అంచు నుంచి కనీసం అంత లోతులో ఉంచాలని ఇక్కడి రూలు. అంతకంటే పొడుగు స్క్రూ ఆ వైరుదాకా పోవచ్చు. ఇప్పుడు ఆ పలకకు మేము ఆరు హుక్కులు బిగించుకున్నాం. గోడకు బొక్కలు మాత్రం నాలుగే. మేనేజరు ఈమెయిల్లో "పోయేటప్పుడు పలక తీసి బొక్కలు పూడ్చాలి" అని రాశాడు, ఆ ఈమెయిల్ దాచుకున్నాం.

మరి అంత గట్టి పలకకు బ్యాండు కట్టి లాగుతున్నాడా అన్న? లేదు. ఈ గొడవంతా ఫిజియోకు చెప్తే ఆవిడ నవ్వి, నేల మీద కాళ్ళు చాపి కూర్చుని బ్యాండును అరికాళ్ళ చుట్టూ వేసి లాగమంది. అదే వ్యాయామం. జారి మొహానికి తగలకుండా బూట్లు వేసుకుని, పాదానికి ఒక చుట్టు ఎక్కువ తిప్పుకోవాలి, బ్యాండు మీద చిన్న చీలిక కనిపించినా పారేయాలి. గోడతో అసలు పనే లేదు. ఒక్క మాట ముందే అడిగి ఉంటే బొక్క ఖర్చు, రెండు రోజుల భయం మిగిలేవి. అప్పటి నుంచి మా ఇంట్లో రూలు: హుక్కు తగిలించడానికే, లాగడానికి కాదు.

మూడోది దాచడం. ఏడున్నరకు అన్నం పళ్ళేలు రావాలి కాబట్టి ఏడుంపావుకల్లా మూల మాయమవ్వాలి.

ఇది అన్నకు చిన్నప్పటి విద్యలాంటిది. ఇక్కడికి రాకముందు ఆయన దుబాయ్ లేబర్ క్యాంపులో ఆరేళ్ళు ఉన్నాడు. ఒక గదిలో రెండంతస్తుల మంచాలు, మనిషి బతుకంతా మంచం కింద పెట్టెలోనే. "జాగా లేదంటె మంచం కింద సూడు" అన్నాడు. సోఫా కింద కొలిస్తే అయిదంగుళాలు ఉంది. ఎవరో పారేసిన బీరువా సొరుగు ఒకటి దొరికితే నల్లుల కోసం అతుకులన్నీ టార్చి వేసి చూసి, కడిగి, ఎండబెట్టి, కింద నాలుగు చిన్న చక్రాలు బిగించాం. బ్యాండ్లు, బూట్లు, మడిచిన తువ్వాలు, ఫిజియో ఇచ్చిన కాగితం అందులో. కాలితో నెడితే లోపలికి పోతుంది. ఫోము ముక్కలు రెండు దొంతరలు సోఫా వెనక నిలువుగా దూరుతాయి.

యోగా మ్యాటు కూడా చుట్టి సొరుగులోనే పెట్టేవాళ్ళం. డిసెంబరులో ఒకరోజు తీస్తే ముక్క వాసన. విప్పితే నల్లటి చుక్కలు. మా సోఫా బయటి గోడకు ఆనుకుని ఉంది. ఇక్కడ శీతాకాలమంతా వాన, బయటి గోడ లోపలివైపు చల్లగా ఉంటుంది, మేము ముగ్గురం వండుతాం, స్నానాలు చేస్తాం, తడిబట్టలు ఇంట్లోనే ఆరేస్తాం. ఆ ఆవిరి పోయి చల్లటి గోడ దగ్గర నీరవుతుంది. చెమట పట్టిన మ్యాటును చుట్టి అక్కడ తోస్తే బూజు రాకుండా ఎలా ఉంటుంది? ఆ మ్యాటు పారేశాం.

అప్పుడు తెలిసింది ఆ పలక అసలు ఎందుకుందో. వ్యాయామం కాగానే కొత్త మ్యాటును తుడిచి, హుక్కులకు క్లిప్పులతో పరిచినట్టు వేలాడదీస్తాం. అది లోపలి గోడ, చల్లగా ఉండదు, కింద హీటరు కూడా లేదు. నేల వెంబడి ఉండే కరెంటు హీటరు పైన గానీ ముందు గానీ మ్యాటు, ఫోము పెట్టకండి, అంటుకుంటుంది. పొద్దునకు మ్యాటు ఆరిపోతుంది. సోఫాను కూడా గోడ నుంచి నాలుగు వేళ్ళు ఎడంగా జరిపాం, గాలి ఆడటానికి. ఆరినదే దాస్తాం, ఆరనిది వేలాడుతుంది. అంతే.

ఇప్పుడు పరవడానికి, తీయడానికి కలిపి నాలుగు నిమిషాలు పడుతుంది. తమ్ముడు ఫోనులో టైము పెట్టి చూశాడు. "అన్నా, నువ్వు పడుకోవడానికే ఎక్కువ టైము తీసుకుంటన్నావు" అని నవ్వుతాడు. అన్న ఫిబ్రవరి నుంచి రోజు తప్పకుండా చేస్తున్నాడు. పెట్టెలు ఎత్తుతున్నాడు, కానీ బరువైనవాటికి తోడు పిలుస్తున్నాడు, అది కూడా ఫిజియో నేర్పిందే. వానరోజుల్లో ఇంకా పొద్దున పట్టేసినట్టు ఉంటుందంటాడు. ఈ మూల దాన్ని మొత్తం పోగొట్టలేదు, పోగొడుతుందని మేము చెప్పం.

మొన్న వీడియో కాలులో అన్న వాళ్ళమ్మ వెనక గోడకున్న పలకను చూసింది. "గోడకు చిలక్కొయ్యలు కొట్టిచ్చుకున్నర్రా బిడ్డా? ఓనరేమనలేదా?" అని అడిగింది. ఊళ్ళో ఇంట్లో చిలక్కొయ్యకు ఆయన బడిసంచీ వేలాడేది. "అడిగే కొట్టిచ్చుకున్నం అమ్మా, నాలుగే బొక్కలు" అన్నాడు అన్న.

మీరు కూడా ఇలాంటి మూల అనుకుంటుంటే, ఏదైనా కొనేముందు మీలో ఒకరిని నేల మీద పడుకోబెట్టి టేపు ముక్కలు అంటించండి. తర్వాత కిందింటికి పోయి వినండి. గోడకు డ్రిల్లు పెట్టేముందు బిల్డింగు ఏ ఏడాదిదో అడగండి, రాతపూర్వకంగా ఒప్పుకోలు తీసుకోండి. మేము ఈ మూడూ వెనకనుంచి ముందుకు చేశాం. అందుకే ఇంత పొడుగు పోస్టు.